హెయిర్ స్పా, ప్రోటీన్, కెరటిన్: దేనికి ఎంత పెట్టొచ్చు, ఏది ఎన్నాళ్లుంటుంది

ప్రశ్న: నడుము దాకా జుట్టు నాది. పోయిన ఏడాది హైలైట్స్ చేయించుకున్నప్పటి నుంచి కింది సగం గరుకుగా తయారైంది, దువ్వితే తెగుతోంది. మియాపూర్‌లో అపార్ట్‌మెంట్, బోరు నీళ్లు. ఆరు నెలలుగా నెలకోసారి హెయిర్ స్పా చేయించుకుంటున్నా, ఒక్కోసారికి 1,800. ఆ వారం బాగుంటుంది, తర్వాత మళ్లీ మామూలే. ఇప్పుడు పార్లర్ ఆవిడ 6,500 పెట్టి ప్రోటీన్ ట్రీట్‌మెంట్ చేయించుకుంటే నాలుగు నెలలు చూసుకోనక్కర్లేదంటోంది. ఇంకో నాలుగు నెలల్లో, ఫిబ్రవరిలో, మా చెల్లి పెళ్లి. చేయించుకోమంటారా? నిజంగా అన్నాళ్లు ఉంటుందా?

జవాబు: డబ్బు కట్టేముందు ఆవిడని రెండు మాటలు అడగండి. ఇందులో జుట్టుని నిటారు చేసే వేడి ఐరన్ పెడతారా? చేశాక ఎన్ని రోజులు తలకి నీళ్లు తగలకూడదు? ఐరన్ పెడతాం, రెండు మూడు రోజులు తలస్నానం వద్దు అని చెబితే అది కెరటిన్ స్మూతెనింగ్ అన్నమాట. ప్రోటీన్ అన్న పేరు పెట్టి అమ్ముతున్నారంతే. నాలుగు నెలలు అన్న మాట దగ్గరే నాకు అనుమానం వచ్చింది. ఉత్త ప్రోటీన్ ఏదీ అన్నాళ్లు జుట్టులో నిలవదు.

నేను మొదట విజయవాడలో, తర్వాత హైదరాబాద్‌లో చాలా ఏళ్లు కుర్చీ వెనక నిలబడి పనిచేశాను. ఇప్పుడు కొత్తగా వచ్చే పిల్లలకి పని నేర్పుతున్నాను. మా పనిలో ఉన్న పెద్ద గందరగోళం ఈ పేర్లే. హెయిర్ స్పా, ప్రోటీన్, కెరటిన్, బొటాక్స్, నానోప్లాస్టీ అని రేటు కార్డు నిండా ఉంటాయి కానీ, జుట్టు మీద జరిగేది చూస్తే ఇవన్నీ మూడు పనుల్లోకి వచ్చేస్తాయి. మీ విషయం తేలాలంటే ఆ మూడూ విడివిడిగా తెలియాలి.

మీరిప్పుడు చేయించుకుంటున్న స్పా సంగతి ముందు చూద్దాం. షాంపూ చేస్తారు, తడి ఒత్తేసి జుట్టు పాయలు తీస్తారు, పాయ పాయకీ క్రీము పట్టిస్తారు, పది పదిహేను నిమిషాలు మసాజ్ చేస్తారు, స్టీమర్ కింద పది నిమిషాలు కూర్చోబెడతారు, కడిగి సీరం రాసి బ్లో డ్రై చేస్తారు. ఆ క్రీములో ఉండేది మీ ఇంట్లో కండిషనర్‌లో ఉండే సరుకే, కాస్త చిక్కగా. కొవ్వు ఆల్కహాళ్లు, జుట్టుకి అంటుకునే గుణమున్న కండిషనింగ్ పదార్థాలు, సిలికోన్, పేరుకి కొంచెం ప్రోటీన్. పాడైన జుట్టు పైపొర మీద రుణావేశం ఎక్కువగా ఉంటుంది, కండిషనర్‌లో ఉన్న పదార్థానికి ధనావేశం ఉంటుంది. అందుకే అది ఎక్కడ ఎక్కువ పాడైతే అక్కడ ఎక్కువగా అంటుకుంటుంది. లేచి ఉన్న పొలుసులు సర్దుకుంటాయి, వెంట్రుకకీ వెంట్రుకకీ రాపిడి తగ్గుతుంది, చిక్కు పడదు, మెరుపు కనిపిస్తుంది. స్పా చేసే అసలు పని ఇదే. మోసమేమీ లేదు, మంచి పనే. కాకపోతే మొత్తం పైపూత.

స్టీమ్ పెడితే జుట్టు రంధ్రాలు తెరుచుకుని పోషణ లోపలికి పోతుందని చెబుతారు. వెంట్రుకకి రంధ్రాలు ఉండవు. తల నుంచి బయటికొచ్చిన వెంట్రుకలో ప్రాణం ఉండదు, పోషణ తీసుకునే మార్గమూ ఉండదు. వేడికి, తేమకి వెంట్రుక కాస్త ఉబ్బి క్రీము సమంగా పరుచుకుంటుంది. వేడి నీళ్లలో పిండిన టవల్ ఇంట్లో చుట్టుకున్నా దాదాపు ఆ పనే అవుతుంది.

డబ్బు లెక్కకొద్దాం. స్పా క్రీము అర కిలో డబ్బా పార్లర్లకి వెయ్యి రూపాయలకి అటూ ఇటూగా వస్తుంది. మీ అంత పొడుగు జుట్టుకి ధారాళంగా వాడినా 60 గ్రాములు పడుతుంది, అంటే 120 రూపాయల సరుకు. మిగతాదంతా మనిషి గంటంబావు శ్రమ, ఏసీ, అద్దె, స్టీమర్, పార్లర్ లాభం. అది అన్యాయమని నేననను. మసాజ్ హాయిగా ఉంటుంది, నడుము దాకా ఉన్న జుట్టుకి పాయపాయకీ క్రీము పట్టించి దువ్వడం ఒంటి చేత్తో అయ్యే పని కాదు. ఆ సేవకి డబ్బు ఇస్తున్నామని తెలిసి ఇస్తే సరిపోతుంది. జుట్టు బాగుపడుతోందని ఇస్తే మాత్రం ఆరు నెలల్లో మీరు పెట్టిన 10,800లో ఆ పని జరగలేదు.

ఎన్నాళ్లుంటుంది అంటే రోజుల్లో లెక్కపెట్టకండి, తలస్నానాల్లో లెక్కపెట్టండి. పూతలో పెద్ద భాగం మీరు ఇంట్లో చేసే మొదటి షాంపూకే పోతుంది. కొన్ని రకాల సిలికోన్లు పాడైన చోట గట్టిగా పట్టుకుంటాయి, అవి రెండు మూడు తలస్నానాల దాకా ఉంటాయి. వారానికి రెండుసార్లు తలంటుకునేవారికి అది పది రోజులు, మహా అయితే రెండు వారాలు. మీకు వారమే అనిపించడంలో వింతేమీ లేదు. పైగా ఆ రోజు పార్లర్ అద్దంలో కనిపించే మెరుపులో సగం బ్లో డ్రై ఇచ్చిందే. ఏ ట్రీట్‌మెంట్ అయినా ఇంట్లో రెండోసారి తలస్నానం చేసి, సీరం రాయకుండా, ఫ్యాన్ కింద ఆరబెట్టుకున్నాక చూడండి. అప్పటికి మిగిలిందే మీ డబ్బుకి వచ్చిన ఫలితం. ముందూ తర్వాతా ఒకే కిటికీ వెలుగులో ఫోటో తీసి పెట్టుకుంటే ఎవరి మాటా నమ్మనక్కర్లేదు.

మీ విషయంలో ఇంకో చిక్కుంది, బోరు నీళ్లు. ఉప్పునీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ. హైలైట్స్‌కి వాడే బ్లీచ్ తగిలిన జుట్టు వాటిని మామూలు జుట్టు కంటే ఎక్కువ పట్టుకుంటుంది. స్పా చేసిన పూత కడుక్కుపోతుంటే ఆ చోట ఈ ఉప్పు పేరుకుంటుంది. జుట్టు గరుకుగా, మసకగా ఉంటుంది, షాంపూ నురగ రాదు, ఎంత కండిషనర్ రాసినా జారుడు రాదు. మీ బాత్రూం కుళాయి చుట్టూ తెల్లగా గార కట్టి ఉంటే ఆ గార కొంత మీ తలలోనూ ఉన్నట్టే. దాని మీద ఎన్ని స్పాలు చేయించినా వారం దాటదు. చాలా పార్లర్లలో మామూలు షాంపూ చేసి నేరుగా క్రీము రాసేస్తారు, ఈ గార తీయడం అన్న ఆలోచనే ఉండదు.

దీనికి మందు చవక. హార్డ్ వాటర్ షాంపూ అనో, చిలేటింగ్ షాంపూ అనో దొరుకుతాయి. పదార్థాల జాబితాలో, ఈ గారని పట్టి లాగే ఈడీటీఏ అన్న పదార్థం పేరు మరీ చివర్లో కాకుండా ఉంటే మంచిది. మూడు వారాలకోసారి దానితో తలంటుకుని, మూడు నాలుగు నిమిషాలు నురగ తలమీదే ఉంచి కడిగేసి, వెంటనే మంచి కండిషనర్ రాయాలి. మరీ తరచుగా వాడితే జుట్టు ఇంకా ఎండుతుంది. మామూలు రోజుల్లో చివరి రెండు మగ్గులు మంజీరా నీళ్లో, ఆర్వో నీళ్లో పోసుకుంటే చాలు. షవర్‌కి తగిలించే ఫిల్టర్లు కొనేముందు ఆలోచించండి. వాటిలో చాలావరకు క్లోరిన్ వాసన తగ్గిస్తాయి, నీటి కాఠిన్యాన్ని తీయవు. కాఠిన్యం తీయాలంటే రెసిన్ ఉన్న సాఫ్ట్‌నర్ కావాలి, దాన్ని ఉప్పుతో ఎప్పటికప్పుడు కడుగుతుండాలి. అది అపార్ట్‌మెంట్ మొత్తం కలిసి పెట్టుకునే సరంజామా.

ఇక అసలైన ప్రోటీన్ ట్రీట్‌మెంట్. వెంట్రుక చాలావరకు కెరటిన్ అనే ప్రోటీనే. బ్లీచ్ చేసినప్పుడు పైపొర మీద సహజంగా ఉండే కొవ్వు పూత పోతుంది, లోపలి ప్రోటీన్ కొంత కరిగి నీళ్లతో బయటికొస్తుంది, వెంట్రుక గుల్లబారుతుంది. ఉన్ని, ఈకలు, గోధుమ, పట్టు లాంటివాటి నుంచి తీసిన ప్రోటీన్‌ని చిన్న చిన్న ముక్కలు చేసి ఈ క్రీముల్లో కలుపుతారు. బాగా చిన్న ముక్కలు గుల్లబారిన చోట లోపలికి కొంత దూరం పోతాయి, పెద్దవి పైన పొరలా ఉండిపోతాయి. వెంట్రుక కాస్త లావెక్కినట్టు, గట్టిపడ్డట్టు ఉంటుంది, దువ్వినప్పుడు తెగడం తగ్గుతుంది. ఇది చీరకి గంజి పెట్టడం లాంటిది. పలచబడిన నేతకి నిలువు వస్తుంది, నాలుగు ఉతుకులకి పోతుంది, మరీ చిక్కగా పెడితే చీర పెళపెళలాడుతుంది. ఆ ప్రోటీన్ మీ వెంట్రుకలో కలిసిపోయి కొత్త కెరటిన్ అయిపోదు.

ఎవరికి పనికొస్తుంది అంటే బ్లీచ్, హైలైట్స్, స్ట్రెయిటెనింగ్ పడిన జుట్టుకి. మీ జుట్టు ఆ కోవలోనే ఉంది కాబట్టి మీకు తేడా తెలుస్తుంది. అది ఉండేది నాలుగైదు తలస్నానాలు, అంటే రెండు మూడు వారాలు. రంగు, రసాయనం ఏదీ తగలని జుట్టుకి దీనివల్ల ఒరిగేది లేదు, ఎక్కువసార్లు పెడితే బిరుసెక్కి మాట వినదు. అలాంటి వాళ్లు వచ్చి, "ప్రోటీన్ చేయించాను, ఇంకా ఎండిపోయిందక్కా," అంటుంటారు. వాళ్లకి కావలసింది మామూలు కండిషనర్, రెండు మూడు వారాలు ప్రోటీన్ మానేయడం.

మీకు ఏది తక్కువో ఇంట్లోనే కొంత తెలుసుకోవచ్చు. దువ్వెనలో వచ్చిన పొడుగు వెంట్రుక ఒకటి తీసుకుని, హైలైట్ ఉన్న కింది భాగాన్ని బాగా తడిపి, రెండు చేతులతో మెల్లగా లాగండి. ఆరోగ్యంగా ఉన్న తడి వెంట్రుక తన పొడవులో దాదాపు మూడో వంతు సాగి, వదిలితే మళ్లీ వెనక్కి వస్తుంది. సాగుతూనే పోయి, వెనక్కి రాకుండా జీవం లేనట్టు వేలాడితే లోపల బలం పోయినట్టు, ప్రోటీన్ కొంత ఆదుకుంటుంది. సాగకుండానే టప్పున తెగితే ప్రోటీన్ వద్దు, కండిషనర్ కావాలి. ఒక్క వెంట్రుకతో తేల్చకుండా నాలుగైదు చూడండి. ఇది మోటు పరీక్షే గానీ రేటు కార్డు కంటే నయం. ఇదే వెంట్రుక మొదట్లో చిన్న తెల్ల గుండు ఉంటే అది కుదురు నుంచి రాలింది. గుండు లేకుండా పొట్టి ముక్కలు వస్తే మధ్యలో తెగింది. తెగడానికే మేం ఏదైనా చేయగలం. కుదురు నుంచి విపరీతంగా రాలుతుంటే పార్లర్‌లో దానికి మందు లేదు. రక్తహీనత, థైరాయిడ్ పరీక్షలు చేయించుకుని చర్మ డాక్టర్‌ని కలవాలి.

ఈ ప్రోటీన్‌ని పార్లర్‌లోనే చేయించుకోవాలా అంటే, ఒకసారి చేయించుకోండి, మనిషి చేయి తగిలి సమంగా పడుతుంది. దానికి మీ పొడుగుకి 2,000, 2,500 దాటి ఇవ్వకండి. ఆ తర్వాత హైడ్రొలైజ్డ్ కెరటిన్ గానీ, గోధుమ ప్రోటీన్ గానీ జాబితాలో మొదటి సగంలో ఉన్న మాస్క్ కొనుక్కుని మూడు వారాలకోసారి ఇంట్లో పెట్టుకుంటే చాలు. కోడిగుడ్డు సంగతి ఎప్పుడూ అడుగుతుంటారు. గుడ్డులో ప్రోటీన్ ముక్క చాలా పెద్దది, లోపలికి పోయే ప్రసక్తి లేదు. వేడి నీళ్లు తగిలితే తలలోనే ఉడుకుతుంది, దాన్ని ఏరుకోవడం అదో శిక్ష.

ఇక మీకు 6,500కి చెబుతున్నది. నా అనుమానం నిజమైతే ఆ పని ఇలా ఉంటుంది. ఘాటైన షాంపూతో రెండు మూడుసార్లు కడిగి పైపూతలన్నీ తీసేస్తారు. మందు రాసి అరగంట ఉంచుతారు. బ్లో డ్రై చేసి, సన్నటి పాయలు తీసి, 200 నుంచి 230 డిగ్రీల ఐరన్‌తో ఒక్కో పాయ మీద ఏడెనిమిదిసార్లు లాగుతారు. జుట్టుని నిటారుగా నిలబెట్టేది సీసా మీద రాసిన కెరటిన్ కాదు. ఆ మందులో ఉండే ఫార్మాల్డిహైడో, గ్లైయాక్సిలిక్ యాసిడో ఆ వేడికి వెంట్రుకలోని ప్రోటీన్‌తో చర్య జరిపి, ఐరన్ లాగిన ఆకారంలో దాన్ని పట్టి ఉంచుతుంది. అందుకే ఇది మూడు నాలుగు నెలలు ఉంటుంది. సల్ఫేట్ లేని షాంపూ వాడుతూ, వారానికి ఒకటి రెండుసార్లకి మించి తలంటుకోకపోతేనే అన్నాళ్లు. మీ నీళ్లకి రెండు, రెండున్నర నెలలు అనుకోండి. హెయిర్ బొటాక్స్, నానోప్లాస్టీ అన్న పేర్లతో వచ్చేవాటిలో చాలావాటికి కూడా ఈ గ్లైయాక్సిలిక్ యాసిడే మూలం. ముడతలకి వేసే బొటాక్స్ ఇంజెక్షన్‌కీ ఆ హెయిర్ బొటాక్స్‌కీ ఏ సంబంధమూ లేదు.

ఉంగరాలు, పొంగు ఉన్న మంచి బలమైన జుట్టుకి ఇది చేస్తే చూడ్డానికి అద్భుతంగా ఉంటుంది, ఆ మాట దాచను. పొద్దున్నే ఐరన్ పెట్టుకునే పని తప్పుతుంది. మీ జుట్టుకి మాత్రం నేను చేయను. ఇప్పటికే దువ్వితే తెగుతున్న వెంట్రుక మీద 230 డిగ్రీలు ఏడెనిమిదిసార్లు పెడితే మొదటి నెల పట్టులా ఉంటుంది, మూడో నెలలో పూత పోయాక కింద ఉన్నది ఇప్పటికంటే హీనంగా బయటపడుతుంది. అప్పుడు మళ్లీ చేయించుకుంటారు. అలా ఏడాదికి మూడుసార్లు చేయించుకుని, జుట్టు భుజాల దాకా తెగి వచ్చినవాళ్లని చూశాను. ఇంకొకటి, ఆ మందు బాగా ఆమ్లంగా ఉంటుంది. రంగు వేసిన జుట్టు మీద ఒకటి రెండు ఛాయలు వెలిసిపోతుంది. మీ హైలైట్స్ ఇత్తడి రంగులోకి తిరగొచ్చు, అప్పుడు ఆ రంగు సరిచేసే టోనర్‌కి ఇంకో బిల్లు.

ఒంటికి సంబంధించిన సంగతి వేరే చెప్పాలి. ఫార్మాల్డిహైడ్ క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ ఎప్పుడో తేల్చింది. సీసా మీద ఫార్మాల్డిహైడ్ లేదు అని రాసి, లోపల మెథిలీన్ గ్లైకాల్ పెట్టినవి ఉంటాయి. వేడి తగిలితే దాంట్లోంచి వచ్చేది ఫార్మాల్డిహైడే. ఐరన్ పెడుతుంటే కళ్లు మండి నీళ్లు కారాయంటే, గొంతు పట్టేసిందంటే అదే. కస్టమర్ నాలుగు నెలలకోసారి పీలుస్తుంది, తలుపులు మూసిన ఏసీ గదిలో పనిచేసే పిల్ల రోజూ పీలుస్తుంది. మా పనిలో ఎవరూ పెద్దగా మాట్లాడని విషయం ఇది.

దాని బదులుగా వచ్చిన గ్లైయాక్సిలిక్ యాసిడ్ మంచిదనుకున్నాం చాలాకాలం. 2024లో ప్రముఖ అమెరికన్ వైద్య పత్రికలో ఫ్రాన్స్ డాక్టర్లు ఒక కేసు రాశారు. 26 ఏళ్ల ట్యునీషియా అమ్మాయి, 2020, 2021, 2022 సంవత్సరాల్లో మూడుసార్లు జుట్టు నిటారు చేయించుకుంది, మూడుసార్లూ కిడ్నీలు దెబ్బతిని ఆసుపత్రికి వచ్చింది. వాంతులు, విరేచనాలు, జ్వరం, నడుము నొప్పి. మందు రాసినప్పుడు తల మండి, మాడు మీద పుళ్లు కూడా పడ్డాయి. ఆ క్రీములో పది శాతం గ్లైయాక్సిలిక్ యాసిడ్ ఉంది. దాన్నే ఎలుకల చర్మానికి రాసి చూస్తే వాటి కిడ్నీల్లో ఆక్సలేట్ స్ఫటికాలు పేరుకున్నాయి. ఇజ్రాయెల్‌లో కూడా డాక్టర్లు ఇలాంటి కేసులు గుర్తించారు. చేయించుకున్న అందరికీ ఇలా అవుతుందని కాదు, చాలామందికి ఏమీ కాదు. కానీ కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు, ఉబ్బసం ఉన్నవాళ్లు దీని జోలికి పోకూడదు. ఎవరైనా సరే మందు మాడుకి తగలనివ్వకూడదు, కుదురు నుంచి ఒక సెంటీమీటరు వదిలి రాయాలి. చేయించుకున్న రోజుల్లో వాంతులు, నడుము పక్కన నొప్పి, మూత్రం తగ్గడం కనిపిస్తే డాక్టర్ దగ్గరికెళ్లి జుట్టుకి ఏం చేయించుకున్నారో చెప్పి, కిడ్నీల పనితీరు చూపే క్రియాటినిన్ పరీక్ష అడగాలి. చెప్పకపోతే డాక్టర్‌కి ఆ ఆలోచన రావడం కష్టం.

అందుకే ఏ పార్లర్‌లోనైనా సీసా చూపించమనండి. గిన్నెలో కలిపి తెచ్చిన తెల్ల క్రీము చూసి అందులో ఏముందో నేనూ చెప్పలేను. సీసా చూపించడానికి నసిగితే లేచి వచ్చేయండి, మొహమాటపడకండి.

ఇప్పుడు మీ నాలుగు నెలల సంగతి. జుట్టు నెలకి సుమారు ఒకటింపావు సెంటీమీటర్లు పెరుగుతుంది. నడుము దాకా 75 సెంటీమీటర్లు అనుకుంటే మీ జుట్టు కొసలు ఐదేళ్ల నాటివి. అన్ని వందల తలస్నానాలు, ఎండ, దువ్వెన, దానిపైన బ్లీచ్ తిన్న కొసలవి. కొస చీలిన వెంట్రుకని కలిపే మందు ఏదీ లేదు, సీరం అతికించినట్టు కనిపించేలా చేస్తుంది, అంతవరకే. కాబట్టి ముందు మూడంగుళాలు కత్తిరించండి. ఈ మాట అంటే అందరూ ముఖం మాడ్చుకుంటారు, తెలుసు. కానీ చీలిక పైకి పాకుతుంది, ఇప్పుడు మూడంగుళాలు ఇవ్వకపోతే ఫిబ్రవరికి అదే అంతకంటే ఎక్కువ తీసుకుంటుంది.

అదే వారం హార్డ్ వాటర్ షాంపూతో ఒకసారి కడుక్కుని, తర్వాతి తలస్నానానికి పార్లర్‌లో ఐరన్ లేని ప్రోటీన్ ఒకటి చేయించుకోండి. ఆ తర్వాత ఇంట్లోనే. ప్రతి తలస్నానానికీ రెండు గంటల ముందు కింది సగానికి కొబ్బరినూనె రాయండి, మాడుకి అక్కర్లేదు. ఇది అమ్మమ్మ మాట మాత్రమే అనుకోకండి. కొబ్బరినూనె వెంట్రుక లోపలికి పోయి, కడిగేటప్పుడు ప్రోటీన్ కోల్పోవడాన్ని తగ్గిస్తుందని, సన్‌ఫ్లవర్ నూనె, మినరల్ ఆయిల్ ఆ పని చేయలేదని 2003లో వచ్చిన పరిశోధన ఉంది. చేసింది కొబ్బరినూనె అమ్మే మారికో కంపెనీ వాళ్లే, ఆ సంగతి గుర్తుపెట్టుకునే చెబుతున్నా. నా అనుభవంలో మాత్రం తెగడం తగ్గింది. షాంపూ మాడుకే రుద్దండి, కారే నురగ కొసలకి చాలు. కండిషనర్ చెవుల కింద నుంచి, మీ పొడుగుకి గుప్పెడు కావాలి. కంపెనీ చెప్పినట్టు చిన్న రూపాయి బిళ్లంత రాస్తే మీకు ఏ మూలకీ రాదు. కండిషనర్ తలమీద ఉండగానే వెడల్పు పళ్ల దువ్వెనతో కొసల నుంచి పైకి చిక్కు తీయండి. మూడు వారాలకోసారి ప్రోటీన్ మాస్క్, మిగతా వారాల్లో మామూలు మాస్క్.

ఖర్చు కూడా చెబుతాను. కటింగ్ 500, పార్లర్ ప్రోటీన్ 2,500, హార్డ్ వాటర్ షాంపూ 600, రెండు రకాల మాస్కులు, కండిషనర్ కలిపి 2,000 దాకా, నూనె ఎలాగూ ఇంట్లో ఉంటుంది. 5,600తో నాలుగు నెలలు గడుస్తాయి. ఇప్పటిలా నెలనెలా స్పా అయితే 7,200 అవుతుంది. రెండో నెల నుంచి తువ్వాలు మీద, దువ్వెనలో పొట్టి ముక్కలు తగ్గాలి. తగ్గకపోతే సాగదీసే పరీక్ష మళ్లీ చేసి ప్రోటీన్ పెంచాలో ఆపాలో చూడండి.

స్పాకి అసలు వెళ్లొద్దనడం లేదు. పెళ్లికి మూడు రోజుల ముందు ఒకటి చేయించుకోండి, దాని బలమంతా ఆ రెండు మూడు తలస్నానాల లోపే కాబట్టి సరిగ్గా పెళ్లి రోజులకి సరిపోతుంది. ముందురోజు మాత్రం వద్దు. మరీ నున్నగా ఉన్న జుట్టులో పిన్ను నిలవదు, సవరం జారుతుంది, పూలజడ బరువుకి అల్లిక వదులైపోతుంది. జడ వేసే అమ్మాయి స్ప్రే మీద స్ప్రే కొట్టి జుట్టుని మళ్లీ గరుకు చేసుకోవాల్సి వస్తుంది. మీ చెల్లెలికి ఈ మాట మీకంటే ముఖ్యం. తనకి పూలజడ వేసే ఉద్దేశం ఉంటే స్పా అయ్యాక ఒక తలస్నానం ఇంట్లో చేసి, సీరం లేకుండా రమ్మనండి.

పార్లర్‌లో ఐదు సిట్టింగులకి కడితే ఒకటి ఫ్రీ అన్న ప్యాకేజీ చెబుతారు, కట్టకండి. ఏడాదిలో మీకు స్పా కావలసింది రెండు మూడుసార్లు, అదీ పెళ్లీ పేరంటమూ ఉన్నప్పుడు. మళ్లీ హైలైట్స్ వేయించుకునే ఆలోచన ఉంటే పెళ్లయ్యాకే, అదీ కొత్తగా పెరిగిన మొదళ్లకి మాత్రమే వేయమనండి. పాత బ్లీచ్ మీద మళ్లీ బ్లీచ్ పడితే పైన చెప్పిన ఏ లెక్కా పనిచేయదు.